అయిదేళ్లకు నాలుగు నెలలు తక్కువ

మా ఇంట్లో అయిదు పంటలు చూడని మనిషి చేతికి గాదె తాళంచెవి ఇచ్చేవారు కాదు. ఈ మాట నాకు మా నాయన చెప్పాడు, ఆయనకు మా తాత. నేను పుట్టేనాటికి గాదె లేదు, అందులో పోయడానికి జొన్నలూ లేవు. కొంత ఆస్తి కోర్టు వ్యాజ్యాలు తిన్నాయి, కొంత ఎన్నికలు తిన్నాయి, మిగిలింది మా వాళ్ల పంతాలకు పోయింది. మాట ఒక్కటే నా వాటాకు వచ్చింది. దాన్ని నేను బేతంచెర్ల దగ్గర ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలోకి తీసుకువెళ్లాను.

అక్కడ నేను మనుషుల వ్యవహారం చూస్తాను. ఉద్యోగాలు, జీతాలు, సెలవులు, తగాదాలు అన్నీ నావే. ఓనరు నాకంటే పదేళ్లు చిన్న. ఆయన తాత మా తాత దగ్గర జీతానికి ఉండేవాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తం. ఆయన నన్ను అన్నా అంటాడు. నేను ఆయన్ను సార్ అనను. మీరు అంటాను, అంతే. ఇస్త్రీ చొక్కా లేకుండా ఆఫీసు గడప తొక్కను. రాతిపొడి పడి సాయంత్రానికి అది తెల్లబారుతుంది, అది వేరే సంగతి.

మా దగ్గర గ్రేడింగ్ ఇన్‌ఛార్జి అని ఒక ఉద్యోగం ఉంది. పాలిష్ అయి వచ్చిన ప్రతి బండను చూసి, ఇది మొదటి రకం, ఇది రెండో రకం, ఇది పనికిరాదు అని తేల్చే పని. సరుకు యార్డు తాళంచెవి ఆ మనిషి దగ్గరే ఉంటుంది. ఆ మనిషి ఒప్పుకోనిదే లారీ గేటు దాటదు. ఆ ఉద్యోగం పెట్టిన రోజు ఓనరు, "ఎన్నేండ్ల అనుభవం ఉండల్లన్నా?" అని అడిగాడు. తాళంచెవి అనే మాట చెవిన పడగానే నా నోట అయిదు అని వచ్చింది. ఆయన మారు మాట్లాడలేదు. ఆ రోజు నుంచి ప్రకటన ఇచ్చిన ప్రతిసారీ కనీసం అయిదేళ్లు అని రాస్తూ వచ్చాం.

మొన్నటి ఇన్‌ఛార్జి సొంతంగా చిన్న యూనిట్ పెట్టుకుని వెళ్లిపోయాక మళ్లీ ప్రకటన ఇచ్చాం. పేపర్లో వేశాం, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పాం. దరఖాస్తులు బాగానే వచ్చాయి. అయిదేళ్లు దాటినవాళ్లను ఒక పక్క, దాటనివాళ్లను ఇంకో పక్క పెట్టుకుంటూ పోయాను. దాటనివాళ్లలో ఓర్వకల్లు వైపు పల్లె నుంచి ఒక అమ్మాయిది ఉంది. డిగ్రీ చదివింది, ఒక పాలిష్ యూనిట్‌లో గ్రేడింగ్ చేస్తోంది. అనుభవం అన్న చోట 'నాలుగు సంవత్సరాల ఎనిమిది నెలలు' అని రాసింది. పక్క కట్టలో సగం మంది 'సుమారు ఆరేళ్లు', 'దాదాపు ఏడేళ్లు' అని రాసినవాళ్లే. ఆమెకు సుమారు అనే మాట తెలియదు కాబోలు అనుకున్నాను. అనుకుని, ఆ కాగితాన్ని దాటనివాళ్ల కట్టలోనే పెట్టాను. అయిదంటే అయిదే.

ఆ ఆదివారం కడపకు వెళ్లాల్సి వచ్చింది. మా మేనత్తకు కంటి ఆపరేషన్ అయింది. మా తాత పిల్లల్లో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. ఒక డాక్టరు గారి ఇంటి మేడ మీద అద్దెకు ఉంటుంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. మా ఇంట్లో ఎవరూ వంగి కూర్చోరు.

"ఏమప్పా, ఇంకా ఆ బండల కాడనే పని చేస్తాండావా?" అంది.

చేస్తున్నానన్నాను. మాటల మీద మాట వచ్చి ఉద్యోగం సంగతి, నేను పెట్టిన అయిదేళ్ల నియమం సంగతి, నాలుగు నెలలు తక్కువని ఒక అమ్మాయిని పక్కన పెట్టిన సంగతి చెప్పాను. తాత మాటను ఇంకా నడుపుతున్నానని విని సంతోషిస్తుందనుకున్నాను. ఆమె నవ్వింది.

"అయిదు పంటలని ఎవురు చెప్పినారు నీకు?"

"మా నాయన."

"మీ నాయనకు సగం మాట ఇనేసరికే లేసిపోయే అలవాటు. అయిదు పంటలు అన్న మాట నిజమే. ఎందుకన్నాడో ఇన్నాడా?"

"ఎందుకు?"

"ఒక కరువు చూసిండల్ల మనిషి. అదీ మా నాయన లెక్క. మన సీమలో అయిదేండ్లు జరిగితే శానామట్టుకు అందులో ఒక కరువు వస్తాది. అందుకని అయిదు అన్నాడు. వానలు బాగా పడినప్పుడు గాదె ఎవురైనా కాస్తారప్పా. దానికి తాళమెందుకు?"

నేను కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాను.

"ఒకాయన ఎనిమిదేండ్లు చేసినాడు మన ఇంట్లో. వానికి తాళమియ్యలేదు. ఆ ఎనిమిదేండ్లూ పంటలు పండె. ఆయప్ప ఎట్లాంటోడో తెలుసుకునే పనే పడలా. ఇంకొకాయనకు రెండో ఏడే ఇచ్చినాడు. ఆయప్ప వచ్చిన రెండో ఏడే కరువు పడె. ఊర్లో సగం మంది గుంతకల్లు పక్క వలస పాయిరి. మన గాదె అడుగున ఇత్తనాల జొన్నలు ఉండె. ఆయప్ప ఇంట్లో పొయ్యి ఎలగలేదు, అయినా వాటిని ముట్టలేదు, ఇంకొకరిని ముట్టనీలేదు. మా నాయనే ఓర్చుకోలేక రెండు శేర్లు తియ్యమంటే, 'ఇత్తనాలు పెద్దాయనా, తియ్యగూడదు' అని ఎదురు చెప్పినాడు. మర్నాడు పిలిచి తాళం ఇచ్చినాడు మా నాయన."

"ఎవరాయన?"

"ఎవురేంది? ఇప్పుడు నీకు జీతమిచ్చే ఆయప్ప తాత."

ఆమె ఎంత మామూలుగా చెప్పిందంటే, చెప్పి వెంటనే కంట్లో మందు వేసే వేళయిందా అని అడిగింది. నేను మందు వేశాను. తిరుగు బస్సులో దారి పొడవునా ఆ మాటే నమిలాను. మా తాత నియమం తప్పు కాదు. దాని సగమే నా చేతికి అందింది. రెండో సగం ఇప్పుడు దొరికింది. ఆస్తి తిరిగి వచ్చినా నాకు అంత ఆనందం కలిగేది కాదు.

సోమవారం ఆ కట్ట మళ్లీ విప్పాను. అయిదేళ్లు అనేది మేము రాసుకున్న అంకె. క్వారీలో మందు పేల్చేవాడికి సర్కారు సర్టిఫికెట్ ఉండాలి. అది లేనివాడు ఎంత పనివాడైనా నేను లోపలికి రానివ్వను, అది చట్టం. ఈ అయిదేళ్లు అటువంటివి కావు. అది దేనికి గుర్తుగా పెట్టుకున్నామో అది మనిషిలో ఉందా లేదా అని చూడాలి. మా గ్రేడింగ్ పనిలో కరువంటే ఏమిటి? సరుకు వాపసు రావడం. మొదటి రకమని పంపిన బండ పరిచాక పగిలిందనో మరక తేలిందనో బేరగాడు లారీ వెనక్కి తిప్పినప్పుడు, ఓనరు ఒక పక్క, బేరగాడు ఒక పక్క అరుస్తుంటే మధ్యలో నిలబడి రకం తేల్చాలి. అది చేసిన మనిషేనా? రకం తన నోటితో తను చెప్పాడా, ఇంకొకరు చెబితే రాసుకున్నాడా? ఈ రెండు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకున్నాను.

ఆ అమ్మాయి దరఖాస్తులో 'వాపసు వచ్చిన సరుకుకు తిరిగి గ్రేడు కట్టడం' అని ఒక ముక్క ఉంది. మొదటిసారి చూసినప్పుడు అది నాకు అన్ని ముక్కల్లో ఒక ముక్క. ఇప్పుడు ఫోన్ చేశాను.

"సార్, నాలుగు నెలలు తక్కువుండాది. నేను దాయలేదు, రాసినా," అంది పరిచయం అయిన మరుక్షణమే.

"చూశాను. అందుకు కాదమ్మా. ఆ వాపసు వచ్చిన సరుకు సంగతి చెప్పు."

"అదా సార్. రెండేండ్ల కిందట. చెన్నై నుంచి మూడు లార్లు తిరిగొచ్చినాయి. కొత్త క్వారీ రాయి కలిసింది సార్ అందులో. పైకి ఒకటే రంగు. నీళ్లు తగిలి నాలుగు దినాలకు పసుపు మరక తేలతాది. మా ఓనరు అయన్నీ తుడిచి మళ్లీ మొదటి రకమనే పంపమనె."

"నువ్వేం చేశావు?"

"నేను మొదటి రకం గుర్తు ఎయ్యనంటి. మూడు దినాలు మాట్లాడలా నాతో. మళ్లా ఆయనే వచ్చి, సరేలే నీ ఇష్టమొచ్చినట్ల ఏసుకో అనె. మూడు లార్లూ పరిపించి, నీళ్లు పోసి ఎండబెట్టి ఏరినాం సార్. ఒక లారీ రాయి రెండో రకంగా పాయె, బేరం పోలేదు."

"రోజువారీ రకం ఎవరు చెప్పేవారు?"

"మొదటి ఏడు మా మేస్త్రీ చెప్తాంటే నేను రాస్తాంటి. ఆ తర్వాత నేనే, సార్."

ఒక్కరికి ఫోన్ చేసి ఊరుకుంటే అది న్యాయం కాదు, ఇష్టం. మా జిల్లాల్లో ఇష్టానికి సిఫారసు అని ఇంకో పేరుంది. నేను ఉద్యోగానికి వచ్చినప్పటి నుంచి ఒక్క సిఫారసు చేయలేదు, ఒక్కటీ వినలేదు. అందుకని నాలుగున్నర ఏళ్లు దాటి అయిదు నిండని వాళ్లందరి కాగితాలూ బయటికి తీసి, ఆ రెండు ప్రశ్నలే అందరినీ అడిగాను. ఒకాయన నాలుగేళ్ల పది నెలలు చేశాడు, ఆమె కంటే ఎక్కువే. పని మాత్రం లారీలోకి ఎక్కే బండలు లెక్కపెట్టడం. రకం ఎప్పుడూ చెప్పలేదట. ఇంకొకాయనది ఒకే ఊరికి ఒకే సైజు సరుకు పంపే చిన్న యూనిట్. వాపసు అన్న మాటే ఎరగడు. చివరికి ఆమె ఒక్కతే నిలిచింది. రెండేళ్లు, మూడేళ్లు చేసినవాళ్లను కదపలేదు. అయిదుకు దగ్గర అంటే దగ్గరే కావాలి, ఆ పక్కనే ఎక్కడో ఉన్నానంటే కుదరదు.

బుధవారం ఓనరు గదిలో కూర్చున్నాం. ఆయన, నేను, ప్రొడక్షన్ మేనేజరు. ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలో తేల్చే రోజు అది. మేనేజరు చేతిలో ఏడేళ్ల అనుభవం ఉన్న ఒకాయన దరఖాస్తు ఉంది. నేను నా జాబితా బల్ల మీద పెట్టాను. ఆ ఏడేళ్లాయన పేరు అందులో ఉంది. చివర ఆ అమ్మాయి పేరూ ఉంది. ఎదురుగా నాలుగేళ్ల ఎనిమిది నెలలు అని నేనే రాశాను.

మేనేజరు ముందు చూశాడు. "సార్, ఇదేంది? అయిదంటే అయిదే అని పోయినసారి మా బామ్మర్దిని గేటు కాడనే తిప్పి పంపిస్తిరి."

"మీ బామ్మర్దికి రెండేళ్లు."

"రెండైతే ఏమి, నాలుగైతే ఏమి సార్? తక్కువ తక్కువే గదా."

ఓనరు జాబితా చేతిలోకి తీసుకున్నాడు. నా వైపు చూసి, మెల్లగా అడిగాడు: "మన మనిషా అన్నా?"

నేను లేచి నిలబడ్డాను. అలా నిలబడాలని అనుకోలేదు. నడుము తనంతట తనే లేచింది.

"నేను ఎవరి కోసమూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు," అన్నాను. "ఆ అమ్మాయిని నేను కంటితో చూడలేదు."

"కూచో అన్నా. ఊరికే అడిగితి. రూలు పెట్టినోడివి నువ్వే గదా, నువ్వే దాటిస్తాంటే అడగల్ల గదా."

అడగాలి. ఆ మాట న్యాయమైనదే. కూర్చున్నాను. అయిదేళ్లు మేము ఎందుకు రాశామో చెప్పాను. ఒక్క దెబ్బ తిన్న సరుకునైనా చూసి, ఎవరి ఒత్తిడికీ వంగకుండా రకం చెప్పిన మనిషి కావాలని. మామూలుగా అయిదేళ్లు చేసినవాడికి ఆ అవసరం ఒకసారైనా పడి ఉంటుందని ఆ అంకె. అంకె నిండి పని నిండని వాళ్లు ఉంటారు, పని నిండి అంకె కొద్దిగా నిండనివాళ్లూ ఉంటారు. తర్వాత రెండు ప్రశ్నల కాగితం, ఎవరు ఏం చెప్పారో రాసుకున్నదీ ముందు పెట్టాను.

"ఇది ఉద్యోగమివ్వడం కాదు," అన్నాను. "పిలవడం. పిలిచాక అందరికీ అవే ప్రశ్నలు, అవే బండలు. అక్కడ తేలకపోతే ఆమె ఇంటికి పోతుంది."

మేనేజరు తెలివైనవాడు. కాసేపు కాగితం చూసి అసలైన చోట పట్టుకున్నాడు. "సరే సార్. ఆమె రూలు చూసి కూడా దరఖాస్తు పెట్టింది. నాలుగున్నర ఏండ్లు చేసి, అయిదని ఉండాది గదా అని మర్యాదగా ఊరుకున్నోళ్లు ఉంటారు. వాళ్ల సంగతేంది? మాట ఇన్నోనికి నష్టం, ఇననామెకు లాభమా?"

ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. వేసినవాడు నా పక్షం కాకపోయినా ప్రశ్న మంచిది. మంచి ప్రశ్నకు మా ఇంట్లో ఎదురు చెప్పరు, జవాబు చెబుతారు.

"వారం రోజులు ఆపుదాం," అన్నాను. "ప్రకటన మళ్లీ వేద్దాం. అయిదేళ్లు, లేదా దానికి దగ్గరగా ఉండి, వాపసు సరుకుకు సొంతంగా గ్రేడు కట్టిన అనుభవం అని రాద్దాం. మర్యాదగా ఊరుకున్నవాళ్లు వస్తారు. ఈ రెండు ప్రశ్నలు అయిదేళ్లు దాటినవాళ్లనూ అడుగుతాను."

"ఏడేండ్లాయన్నా?" అన్నాడు మేనేజరు.

"ఆయన్నూ. అందులో భయపడేదేముంది?"

ఓనరు నవ్వాడు. "వారం ఆగితే లార్లు నువ్వు చూస్తావా అప్పా?" అని మేనేజరును అడిగాడు. మేనేజరు తల గోక్కుని, "చూస్తాలే సార్. ఎండల్లో నిలబడితే నల్లగవుతానని మా ఇంట్లో అంటాది గానీ," అన్నాడు. ఉన్నదే నల్లటి మనిషి. ముగ్గురం నవ్వాం.

వారంలో కొత్త దరఖాస్తులు నాలుగు వచ్చాయి. అందులో ఒకాయనకు నాలుగేళ్ల ఏడు నెలల అనుభవం. ప్రొద్దుటూరు దగ్గర పనిచేస్తున్నాడు, వాపసు సరుకు రెండుసార్లు చూశాడు. మొదటి ప్రకటన చూసి ఊరుకున్నానని చెప్పాడు. మేనేజరు మాట నిజమైందన్నమాట. ఆ మాట నేనే ఆయనకు వెళ్లి చెప్పాను. ఏడేళ్లాయన కూడా ఒక వాపసు చూసినవాడే. ఆ అమ్మాయితో కలిపి ఈ ముగ్గురి పేర్లూ, అయిదేళ్లు దాటిన ఇంకొకాయన పేరూ జాబితాలో నిలిచాయి. ఆరేళ్లు దాటిన ఇద్దరు మాత్రం ఆ ప్రశ్నల దగ్గర తప్పుకున్నారు.

ఓనరు జాబితా కింద సంతకం పెట్టాడు. మేనేజరు లేచి యార్డులోకి వెళ్లిపోయాడు. అప్పటిదాకా నేను ఒక మాట పళ్ల వెనక బిగబట్టి ఉంచాను. అది ముందే చెబితే, ఓనరు మనసు కరిగించి పని చేయించుకోవడం అవుతుంది. సంతకం తడి ఆరాక చెప్పాను.

"మీ తాత మా ఇంట్లో గాదె తాళంచెవి పట్టాడు. వచ్చిన రెండో ఏడే."

ఆయన పెన్ను మూత పెట్టబోయి ఆగాడు. "తాళమా? మా తాత ఎద్దుల కాడ ఉండె అని మా నాయన అన్నాడే."

కరువు సంగతి, విత్తనాల సంగతి, మా తాతకే ఎదురు చెప్పిన సంగతి మా మేనత్త చెప్పినట్టే చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు. కలిపితే మా తాతకు అవమానం, ఆయన తాతకూ అవమానం.

ఆయన కిటికీలోంచి బండల వరసల కేసి చూశాడు. "మా నాయనకు కూడా తెలిసుండదన్నా," అన్నాడు. "తెలిసుంటే ఊరంతా చెప్పేటోడు." పెన్ను మూత పెట్టి, "ఆ అత్త ఇంకా ఉండాదా?" అన్నాడు. కడపలో ఉందన్నాను. "ఒక దినం పోయొస్తా. ఆమె నోట ఇనల్ల."

ఇంటర్వ్యూ శుక్రవారం. యార్డులో అందరికీ అవే బండలు పరిచాం, అవే ప్రశ్నలు అడిగాం. ముగ్గురం విడివిడిగా మార్కులు వేశాం, చివరిదాకా ఒకరివి ఒకరు చూసుకోలేదు. ఆ అమ్మాయి బస్సు ఆలస్యమై చివరికి వచ్చింది, చెమటలు తుడుచుకుంటూ. ఓనరు కావాలనే ఒక బండ మీద చెయ్యి వేసి, "ఇది మొదటి రకమేలేమ్మా, రాసెయ్," అన్నాడు. అందరికీ అదే మాట అన్నాడు, అదే మా ఆఖరి ప్రశ్న. ఇద్దరు రాసేశారు. ప్రొద్దుటూరాయన కాస్త తటపటాయించి రెండో రకమన్నాడు. ఆమె ఓనరు వైపు చూడనే లేదు.

"మీరు అమ్ముకునేదైతే మీ ఇష్టం సార్. నా గుర్తు కావాలంటే రెండో రకమే," అంది.

మార్కులు కలిపితే ఆమె మొదట, ప్రొద్దుటూరాయన రెండు. మేనేజరు కాగితం చూశాను. ఆయన కూడా ఆమెకే ఎక్కువ వేశాడు. అడిగితే, "ఎయ్యకుంటే మీరు మళ్లా లేసి నిలబడతారని భయం సార్," అన్నాడు.

ఆమె చేరిన రోజు ఓనరు నన్ను గేటు దగ్గరికి పిలిచాడు. తాళంచెవి ఆయన చేతిలో ఉంది. నా చేతిలో పెట్టాడు. "నువ్వే ఇయ్యన్నా. మీ ఇంటి పద్ధతి గదా."

ఇచ్చాను. ఆమె తీసుకుని, గేటు తాళంలో ఒకసారి తిప్పి చూసి, తిరుగుతోందని నమ్మకం కుదిరాక నడుముకు దోపుకుంది.

ఆ సాయంత్రం కడపకు ఫోన్ చేశాను. మా మేనత్త కళ్లద్దాలు తీసేశారట, గోడ మీద బల్లి కూడా కనబడుతోందట.

"తాళం ఇచ్చినారా ఆ పిల్లకు?" అంది.

"ఇచ్చినాం అత్తా."

"ఎన్నేండ్లు చేసిందన్నావు?"

"నాలుగేండ్ల ఎనిమిది నెలలు."

"శానా ఎక్కువే," అంది మా తాత కూతురు.